పేరు రాకముందు ఏం పని చేశారు? పెద్దల తొలి కొలువుల వివరాలు రాయడం, సరిచూడడం ఎలా

మా వరంగల్ వైపు కళాకారుల గురించి, రచయితల గురించి రాసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫలానా ఆయన పేరు రాకముందు మిల్లులో పనిచేశారంటారు, సింగరేణిలో చేశారంటారు, దుబాయి పోయొచ్చారంటారు. రాయొచ్చా?" రాయొచ్చు. కానీ ఏ మాటను ఎంత గట్టిగా రాయాలో తేల్చుకున్నాకే రాయాలి. నేను చూసినంతలో పని చేసిన మాట చాలావరకు నిజమే ఉంటుంది. తప్పు దొర్లేది రెండు చోట్ల: ఎన్నేళ్లు చేశారన్న లెక్కలో, ఏ హోదాలో చేశారన్న దాంట్లో. అందుకే ఈ పద్ధతంతా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణగా నేను వివరాలు సరిచూసిన ఒక జానపద గాయకుడి సంగతి చెబుతాను. ఆయన ఇప్పుడు లేరు. ఇంటివాళ్ల మాట ప్రకారం పేరు రాయడం లేదు. ఆయన గురించి అచ్చులో ఉన్న వాక్యం ఇది: "ఆజంజాహీ మిల్లులో 7 ఏళ్లు కార్మికుడిగా పనిచేసి, రాజీనామా చేసి కళారంగంలోకి వచ్చారు."

కావలసినవి

ఒక నోట్‌బుక్, అందులో పొడవుగా గీసిన సంవత్సరాల గీత. ఫోన్‌లో రికార్డరు, మంచి కెమెరా. చిన్న స్కేలు (కాగితం ఫోటో తీసేటప్పుడు పక్కన పెట్టడానికి). ఆ మనిషి మీద వచ్చిన వ్యాసాలు, సన్మాన సంచికలు, పెళ్లి పత్రికలు, సంతాప ప్రకటనలు దొరికినన్ని. ఇంటివాళ్ల అనుమతి. నిజాం కాలపు మనిషైతే ఉర్దూ చదవగలిగిన ఒక పెద్దమనిషి తోడు. కనీసం రెండు నెలల ఓపిక కూడా ఉండాలి, ఎందుకంటే ఇంట్లో సందూక పెట్టె మొదటి రోజే తెరవరు.

1. వాక్యాన్ని ముక్కలు చేయండి

పైన ఉన్న వాక్యంలో ఐదు మాటలున్నాయి. మిల్లు ఆజంజాహీ. పని కార్మికుడి పని. కాలం 7 ఏళ్లు. వెళ్లిపోయింది రాజీనామాతో. ఆ తర్వాతే పాట. ఐదింటినీ నోట్‌బుక్‌లో విడివిడిగా రాసి, ఒక్కోదాని కింద నాలుగు గీతల ఖాళీ వదలండి. ఒక ఆధారం దొరకగానే అది ఐదింటినీ నిలబెట్టిందని అనుకోవడం అందరూ చేసే మొదటి తప్పు. ఆయన మిల్లు గేటు ముందు నిలబడ్డ ఫోటో ఒకటి దొరికితే దాని వల్ల తెలిసేది ఆయన ఆ గేటు దగ్గర నిలబడ్డారని మాత్రమే. 7 ఏళ్ల లెక్క, రాజీనామా సంగతి దాంతో తేలవు.

2. ఆ మాట మొదట ఎక్కడ అచ్చయిందో వెతకండి

ఇక్కడ తొందరపడకండి. దొరికిన రాతలన్నీ తేదీల వారీగా పరచండి. కొత్తవాటి నుంచి పాతవాటికి వెనక్కి నడవండి. పాత పత్రికల కోసం హనుమకొండలో 1904లో మొదలైన శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయాల్లో అడగండి. సన్మాన సంచికలు మాత్రం ఎక్కువగా ఇళ్లలోనే ఉంటాయి. సన్మానం చేసిన సంఘం కార్యదర్శి ఇంట్లో అటక మీద చూడండి.

మా గాయకుడి విషయంలో 6 వ్యాసాలు దొరికాయి. ఆరింటిలోనూ "7 ఏళ్లు" అనే ఉంది. ఆరు సాక్ష్యాలని సంబరపడే చోటు ఇదే. కానీ ఆరు వ్యాసాల్లోనూ ఆయన ఊరి పేరు ఒకే రకంగా తప్పు పడింది, ఒక ఒత్తు పోయింది. ఆరుగురు విడివిడిగా విచారించి రాసుంటే అందరూ అదే ఒత్తు మింగరు కదా. వాటిలో అన్నిటికన్నా పాతది 2003 నాటిది. తప్పు అక్కడే పుట్టింది. మిగతావి దాన్ని చూసి రాసినవి. అంటే ఆరు సాక్ష్యాలు కావు, ఒక్కటే.

తర్వాత ఒక సన్మాన సంచిక దొరికింది, 1994ది. అందులో ఊరి పేరు సరిగా ఉంది. వాక్యం ఇలా ఉంది: "7వ తరగతి వరకు చదివి, మిల్లులో కొంతకాలం పనిచేసి..." తరగతి పక్కనున్న 7 తర్వాతి రాతలో జరిగి ఏళ్ల పక్కకు వచ్చి కూర్చుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు. తొందరలో చదివి రాసుకున్న ఒకరి చేతిలో అంకె జారింది, అంతే.

కాబట్టి నకలును పట్టుకోవాలంటే ఒప్పుల్ని చూడకండి, తప్పుల్ని చూడండి. ఒప్పు ఎవరైనా రాస్తారు. ఒకే వింత తప్పు రెండు చోట్ల కనిపిస్తే ఒకటి ఇంకోదాన్ని చూసి రాసిందే అయ్యుంటుంది.

3. మాటకు మన వైపు అర్థమేమిటో అడగండి

ఉత్తర తెలంగాణలో పని గురించి చెప్పే మాటలు బయటివాళ్లను, ఇప్పటి పట్నం పిల్లల్ని కూడా తికమక పెడతాయి. నాలుగు మాటల దగ్గర ప్రత్యేకంగా ఆగండి.

"జీతం ఉన్నడు" అంటే నెల జీతం వచ్చే ఉద్యోగం చేశాడని కాదు. ఒక ఆసామి దగ్గర ఏడాది లెక్కన పశువుల కాడనో పొలం కాడనో పాలేరుగా ఉన్నాడని. ఒక రచయిత గురించి "చిన్నతనంలో జీతం ఉన్నడు" అని వాళ్ల అన్న చెప్తే, దాన్ని "చిన్న వయసులోనే ఉద్యోగంలో చేరారు" అని అచ్చేసిన వ్యాసం నేను చూశాను. ఆ ఒక్క వాక్యంతో ఒక మనిషి బాల్యమంతా మారిపోయింది.

"దుబాయి పోయిండు" అంటే మస్కట్ కావచ్చు, సౌదీ కావచ్చు, బహ్రెయిన్ కావచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ మొత్తానికి అదే పేరు. పాత పాస్‌పోర్టు ఉంటే వీసా ముద్ర ఉన్న పేజీ చూడండి. దేశం పేరు, ప్రవేశ తేదీ రెండూ అందులోనే దొరుకుతాయి. పోయినవాళ్లు పాస్‌పోర్టు పారేయరు, అడిగితే తీస్తారు.

"బొగ్గుబాయిల చేసిండు" అంటే సింగరేణి ఉద్యోగి అని వెంటనే రాయకండి. కంపెనీ ఉద్యోగమా, కాంట్రాక్టరు కింద కూలా అని అడగండి.

"బదిలీ" అనే మాట ఇంకా ముఖ్యం. ప్రభుత్వ ఉద్యోగంలో బదిలీ అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చడం. మిల్లులోనూ గనిలోనూ బదిలీ కార్మికుడంటే వేరు. రోజూ గేటు దగ్గరికి రావాలి, పర్మినెంటు మనిషి రాకపోతే ఆ చోట పని దొరుకుతుంది, అందరూ వస్తే తిరిగి ఇంటికి. "ఆయన బదిలీ మీద చేసిండు" అన్న మాటను "బదిలీపై వచ్చారు" అని రాస్తే లేని ఊరు, లేని పాత ఉద్యోగం పుట్టుకొస్తాయి.

4. కాగితాలు చూడండి, ఎక్కడ ఏది దొరుకుతుందో తెలుసుకుని

ఆజంజాహీ మిల్లు 1934లో నిజాం కాలంలో పుట్టి, తర్వాత జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లి, చివరికి మూతపడింది. ఇప్పుడు గేటు దగ్గరికి పోయి అడిగేందుకు మనిషి లేడు. ఇలాంటి చోట సంస్థ రికార్డు కంటే కార్మికుడి ఇంట్లో మిగిలిన చీటీలే దిక్కు. ఇవి అడగండి: జీతం చీటీ, ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ చీటీ, యూనియన్ చందా రసీదు, మిల్లు టోకెన్ బిళ్ల. ఈఎస్‌ఐ చట్టం 1948 నాటిది, పీఎఫ్ చట్టం 1952 నాటిది. కాబట్టి 1940లలో పనిచేసిన మనిషి పీఎఫ్ చీటీ ఇదిగో అని ఎవరైనా చూపిస్తే, ఆ తేదీని రెండోసారి చదవండి.

మా గాయకుడి ఇంట్లో సందూకలో మూడు జీతం చీటీలు దొరికాయి. మడతల దగ్గర చిరిగి, పసుపు మరకలతో ఉన్నాయి. 1968 నవంబరు, 1969 జనవరి, 1970 జూన్. పనిదినాల గడిలో వరుసగా 11, 9, 14. పైన మూలన ఇంగ్లిష్‌లో బదిలీ అన్న ముద్ర. నెలకు 9 రోజులే పని అంటే గేటు దాకా వచ్చి వెనుదిరిగిన రోజులే ఎక్కువ.

ఈ మూడు చీటీలతో రెండు సంగతులు ఒకేసారి తేలాయి. ఆయన ఆ మిల్లులో పనిచేసిన మాట నిజం. ఇక "రాజీనామా చేశారు" అన్నది అతకదు, ఎందుకంటే బదిలీ మనిషి రాజీనామా ఇవ్వడు, గేటుకు రావడం మానేస్తాడు.

హెచ్చరిక: మూడు చీటీలున్నాయి కాబట్టి మూడు నెలలే చేశారని రాయకండి. మిగిలింది మూడే. మీరు రాయగలిగింది "కనీసం 1968 నవంబరు నుంచి 1970 జూన్ మధ్య అప్పుడప్పుడు" అని మాత్రమే. ఆ ముందు, ఆ తర్వాత ఏముందో చీటీ చెప్పదు.

కాగితం ఇంటి నుంచి తేకండి. అక్కడే వెలుతురులో, స్కేలు పక్కన పెట్టి, ముందూ వెనకా ఫోటో తీయండి. చీటీ వెనక పెన్సిల్‌తో రాసిన అప్పుల లెక్క కూడా ఒక్కోసారి తేదీ చెబుతుంది.

ప్రభుత్వ రంగంలో చేసిన మనిషైతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. కానీ ఒకరి సర్వీసు వివరాలు వ్యక్తిగత సమాచారమని తిరస్కరించడం మామూలే. ఆ మనిషే రాసిచ్చిన అంగీకారం, ఆయన లేకపోతే వారసుల సంతకం జతచేస్తే దారి కొంత తెరుచుకుంటుంది. ఇంకా మంచిది, వాళ్ల చేతే దరఖాస్తు పెట్టించండి.

నిజాం కాలపు కాగితమైతే తేదీ తరచూ ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన ఏళ్ల లెక్కలో ఉంటుంది. హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబరులో ఆజర్ నెలతో మొదలవుతుంది. ఏడాది మొదట్లో, డిసెంబరు దాకా అయితే 590 కలపండి. జనవరి తర్వాత నెలలకు 591. ఖుర్దాద్ 1352 అని ఉంటే అది 1943 వేసవి. చాలామంది నెల చూడకుండా 590 కలిపి ఏడాది వెనక్కి జరుపుతారు. ఇలాంటి పాత సర్కారీ దస్త్రాల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి.

జిల్లా పేర్ల దగ్గరా జాగ్రత్త. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. పాత కాగితంలో "కరీంనగర్ జిల్లా" అని ఉన్న ఊరు ఇప్పుడు హనుమకొండలో ఉండవచ్చు. పి.వి. నరసింహారావు గారి వంగర అలాంటిదే. ఆయన పుట్టిన లక్నేపల్లి నర్సంపేట దగ్గరిది. రెండు జిల్లాల పేర్లు కనిపించగానే ఇద్దరు మనుషులనో, ఒక కాగితం తప్పనో తేల్చేయకండి.

5. తోటివాళ్లతో మాట్లాడండి, సంవత్సరం మాత్రం అడగకండి

"ఏ సంవత్సరం?" అని అడిగితే పెద్దవాళ్లు మిమ్మల్ని నిరాశపరచడం ఇష్టం లేక ఏదో ఒక అంకె చెబుతారు. బదులుగా అందరికీ గుర్తున్న సంఘటన పక్కన నిలబెట్టి అడగండి. పోలీసు చర్య ముందా, తర్వాతా? 69 ఉద్యమం అప్పుడు ఎక్కడున్నరు? ఎమర్జెన్సీల పెండ్లయిందా? పెద్ద బిడ్డ అప్పటికే పుట్టిందా?

మిల్లులో ఆయనతో పనిచేసిన ఒక పెద్దాయన కాశిబుగ్గ వైపు ఉంటే వెళ్లాను. మొదట ఆయన కూడా "ఏడేండ్లు చేసిండు" అన్నారు. "తాతా, ఇది నీకు యాదికున్నదా, పేపర్ల చదివినవా?" అని నెమ్మదిగా అడిగాను. కాసేపు ఆగి, "పేపర్లనే చూసిన బిడ్డా" అన్నారు. ఆ తర్వాత అడగకుండానే చెప్పారు. "69 గడబిడల బస్సులు బందైతే మేమిద్దరం నడిచి గేటు కాడికి పోతుంటిమి. ఆయనకు పని దొరకకపోతే గేటు బయట చెట్టు కింద కూసోని పాట కట్టేటోడు. లోపలికి పోయినప్పుడు సాంచాల మీద చేసిండు."

ఈ మూడు వాక్యాల విలువ చూడండి. 1969 అన్నది చీటీలతో సరిపోయింది. పని దొరకని రోజులున్నాయన్నది బదిలీ ముద్రతో సరిపోయింది. ఏ పని చేశారన్నది (మగ్గం మీద) ఏ కాగితంలోనూ లేదు, ఈయన దగ్గరే దొరికింది. పైగా "మిల్లు మానేశాక పాట" అన్న ఐదో ముక్క కూలిపోయింది. మిల్లు రోజుల్లోనే పాట కూడా ఉంది.

రికార్డింగ్ మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవారి అనుమతి వాళ్ల గొంతుతోనే చెప్పించండి. ఇద్దరు సాక్షుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టకండి. గట్టిగా మాట్లాడేవారి జ్ఞాపకమే రెండోవారి జ్ఞాపకమైపోతుంది.

ఆ మనిషి బతికే ఉంటే ఆయన మాటే చివరి మాట అనుకోవడం కూడా పొరపాటే. తన బతుకును తాను వందసార్లు వేదికల మీద చెప్పిన మనిషి, చివరికి వేదిక మీది కథనే గుర్తుపెట్టుకుంటాడు. కొందరి కథలో కష్టం పెరుగుతుంది. ఇంకొందరు కొన్ని పనులే మింగేస్తారు. పాలేరు పని ఆ జాబితాలో మొదటిది. ఇంటివాళ్లు వద్దంటే ఆ మాట గౌరవించి వదిలేయండి. దాని బదులు ఇంకో పని కల్పించి మాత్రం రాయకండి.

6. పనిని ఉద్యోగంగా మార్చకండి

పి.వి. గారు పాములపర్తి సదాశివరావు గారితో కలిసి కాకతీయ పత్రిక నడిపారు, ఇద్దరూ జయ-విజయ అన్న పేరుతో రాశారు. దీన్ని "రాజకీయాల్లోకి రాకముందు పాత్రికేయుడిగా ఉద్యోగం చేశారు" అని రాస్తే తప్పు. సొంతంగా నడిపిన పత్రికలో రాయడం పని, అక్కడ ఎవరి దగ్గరా కొలువు లేదు. ఇలాంటి పనికి మంచి ఆధారం పత్రిక సంచికే. ఎవరో చెప్పిన జ్ఞాపకం కన్నా, చేతిలో ఉన్న సంచిక మీది తేదీ గట్టిది.

బయటి ఉదాహరణ చూడాలంటే రజనీకాంత్ గారిది ఉంది. బెంగళూరు సిటీ బస్సుల్లో కండక్టరుగా చేశారన్నది గట్టి మాట. ఆయనతో డ్రైవరుగా పనిచేసిన స్నేహితుడు రాజ్ బహదూర్ లాంటివాళ్లు బహిరంగంగా చెప్పారు, సంస్థ తెలుసు, పని తెలుసు. అంతకుముందు కూలిపని చేశారన్న మాటను అదే బరువుతో రాయలేం. కూలిపనికి చీటీ ఉండదు, టోకెన్ ఉండదు. అబద్ధమని కాదు, సరిచూసే దారి తక్కువ.

7. వయసు లెక్క కట్టండి

సంవత్సరాల గీత మీద పుట్టిన తేదీ, బడి మానిన ఏడు, పని, పెళ్లి, మొదటి పాట అన్నీ గుర్తు పెట్టండి. బడి ప్రవేశ రిజిస్టరులో పుట్టిన తేదీ జూన్ 1 అనో జూలై 1 అనో ఉంటే అది పంతులు గారు అంచనాతో వేసింది కావచ్చు. ఏడాది రెండేళ్లు అటూ ఇటూ అవకాశం వదలండి. 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చాక 14 ఏళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీలో పెట్టుకోకూడదు. కాబట్టి మిల్లు కాగితంలో వయసు ఎక్కువ రాయించిన సందర్భాలూ ఉంటాయి. బడి వయసు, మిల్లు వయసు కలవకపోతే రెండూ రాయండి, ఒకదాన్ని చెరిపేయకండి.

ఈ గీత మీద ఒకే కాలంలో రెండు ఊళ్లలో రెండు పనులు పడితే అక్కడ ఆగండి. ఏదో ఒకటి జరిగింది: తేదీ జారింది, లేదా అదే పేరున్న ఇంకో మనిషి కాగితం మీ కట్టలో కలిసింది. ఇంటిపేరు, తండ్రి పేరు రెండూ కలిసిన కాగితాన్నే ఆయనదిగా లెక్కపెట్టండి.

8. ఒక్కో ముక్కకు గుర్తు వేసి రాయండి

నేను మూడే గుర్తులు వాడతాను. ఆ కాలపు కాగితం చేతిలో ఉంటే "ఆధారం ఉంది". కళ్లారా చూసినవారు, రాతలు చదవక ముందు నుంచే తెలిసినవారు చెబితే "సాక్ష్యం ఉంది". మిగతాదంతా "అంటారు". ఆరు వ్యాసాల "7 ఏళ్లు" ఈ మూడో గుంపులో కూడా నిలవలేదు, ఎందుకంటే అది పుట్టిన చోటు, అంకె జారిన తీరు రెండూ దొరికాయి.

చివరికి మేము రాసింది ఇది:

"1968 నవంబరు నుంచి 1970 జూన్ మధ్య ఆజంజాహీ మిల్లులో బదిలీ కార్మికుడిగా పనిచేసినట్టు జీతం చీటీలున్నాయి. మగ్గాల మీద పనిచేశారని, ఆ రోజుల్లోనే పాటలు కట్టేవారని తోటి కార్మికుడు చెప్పారు. ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో తెలిపే కాగితం దొరకలేదు. 7 ఏళ్లు పనిచేశారన్న మాట 2003 నాటి వ్యాసంతో మొదలైంది. 1994 సంచికలో 7 అన్నది ఆయన చదివిన తరగతి."

అచ్చుకు ముందు దీన్ని ఇంటివాళ్లకు పైకి చదివి వినిపించండి. ఆయన కొడుకు విన్నాక మొదట మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఏడేళ్లు ఏడాదిన్నర అయిందని బాధ. కాసేపటికి లోపలికి పోయి, తల్లిని అడిగి, ఇంకో చీటీ తెచ్చాడు. 1971 మార్చి, 6 రోజులు. గీత మీద ఇంకో చుక్క పెట్టి, వాక్యంలో "1970 జూన్" కొట్టేసి "1971 మార్చి" అని రాసుకున్నాం.